ఎక్సార్‌షిఫ్ట్, పీసీజీ: ర్యాండమ్ అంకెలు మరీ పద్ధతిగా వస్తే సిమ్యులేషన్ ఎక్కడ దెబ్బతింటుంది

క్లుప్తంగా: ఎక్సార్‌షిఫ్ట్, పీసీజీ లాంటి చిన్న జనరేటర్లు నాలుగైదు లైన్ల కోడ్‌తో, కొద్ది బైట్ల మెమరీతో ర్యాండమ్ అంకెలు ఇస్తాయి. ఆ అంకెలు సమంగా పరుచుకుంటే చాలు, నాణ్యత ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. కానీ నిజమైన ర్యాండమ్ అంకెల్లో కొంత ఎగుడుదిగుడు ఉంటుంది, అది ఎంత ఉండాలో కూడా లెక్క ఉంది. ఆ ఎగుడుదిగుడు తగ్గినా తప్పే. 32 బిట్ల ఎక్సార్‌షిఫ్ట్‌ను తీసుకుని ఆ తప్పు ఎలా పుడుతుందో, పీసీజీ దాన్ని ఎంతవరకు తప్పిస్తుందో, సొంత సిమ్యులేషన్‌లో దాన్ని ఎలా పట్టుకోవచ్చో ఈ వ్యాసం చూస్తుంది.

## మూడు లైన్ల యంత్రం

జార్జ్ మార్సాగ్లియా 2003లో ప్రచురించిన ఎక్సార్‌షిఫ్ట్ పద్ధతిలో అన్నిటికంటే చిన్నది ఇది:

```c
uint32_t x = 1;   // seed, never 0

uint32_t next(void) {
    x ^= x << 13;
    x ^= x >> 17;
    x ^= x << 5;
    return x;
}
```

గుణకారం లేదు, భాగహారం లేదు, పట్టిక లేదు. ఉన్న అంకెను 13 స్థానాలు ఎడమకు జరిపి, పాత అంకెతో ఎక్సార్ చేయడం (రెండు బిట్లూ ఒకటే అయితే 0, వేరైతే 1), తర్వాత 17 స్థానాలు కుడికి జరిపి మళ్లీ అదే పని, చివరగా 5 స్థానాలు ఎడమకు. గుర్తుపెట్టుకోవాల్సింది 4 బైట్లే. మెర్సెన్ ట్విస్టర్ అనే ప్రసిద్ధ జనరేటర్‌కు ఇదే పనికి దాదాపు 2,500 బైట్లు కావాలి. ఒక సిమ్యులేషన్‌లో వేల కొద్దీ జనరేటర్లు ఒకేసారి నడవాల్సి వచ్చినప్పుడు, గ్రాఫిక్స్ కార్డులో ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో జనరేటర్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ఆ తేడా చిన్నదేమీ కాదు.

సీడ్ 1తో మొదలుపెడితే వచ్చే మొదటి మూడు అంకెలు 270369, 67634689, 2647435461. వీటిని 2^32తో భాగించి 0 నుంచి 1 లోపు దశాంశాలుగా మారిస్తే 0.00006, 0.0157, 0.616 అవుతాయి. మొదటి రెండూ ఎంత చిన్నవో గమనించాలి. సీడ్‌లో ఒకే ఒక్క బిట్ వెలిగి ఉంది, ఒక రౌండ్ తర్వాత నాలుగు బిట్లు, రెండో రౌండ్ తర్వాత ఐదు, మూడో రౌండ్‌కు గానీ పదహారు బిట్లు వెలగలేదు. అంటే అంకె బాగా కలగలవడానికి కొంత సమయం పడుతోంది. వార్మప్ అంటూ మొదటి కొన్ని అంకెల్ని పారేయమని చాలామంది చెప్పేది ఇందుకే. కానీ అసలు చిక్కు వార్మప్‌తో పోయేది కాదు.

## 1,023 సార్లు నడిపిన ప్రయోగం

ఒక యంత్రం అడుగడుగునా 0.1 సంభావ్యతతో పాడవుతుందని అనుకుందాం. సగటున ఎన్ని అడుగులకు పాడవుతుంది అన్నది ప్రశ్న, జవాబు కాగితం మీదే తెలుసు, 10. సిమ్యులేషన్‌లో దీన్ని చూడాలంటే u = x / 2^32 తీసుకుని, అది 0.1 కంటే తక్కువైతే పాడైనట్టు లెక్కేస్తాం. ఇదే ప్రయోగాన్ని సీడ్ 1తో ఒకసారి, 2తో ఒకసారి, అలా 1023 దాకా నడుపుతాం. సీడ్లు ఇలా వరుసగా ఇవ్వడం ప్రతి ఒక్కరూ చేసే పనే, ఫలితాన్ని మళ్లీ తెప్పించుకోవడం సులువు కాబట్టి.

వచ్చే జవాబు 10 కాదు, సరిగ్గా 1. మొత్తం 1,023 యంత్రాలూ మొదటి అడుగులోనే పాడవుతాయి. కారణం వెతకాల్సినంత లోతులో లేదు. సీడ్ 1023 లోపు ఉందంటే అందులో పది బిట్లే వాడుకలో ఉన్నాయి, వాటిని మొదట 13, తర్వాత 5 స్థానాలు జరిపితే ఎంత పైకి వెళ్లినా 28 బిట్లు దాటవు. కాబట్టి మొదటి u ఎప్పుడూ 2^28 / 2^32 లోపే, అంటే 0.0625 లోపే ఉంటుంది. 0.1 దాటే దారే లేదు.

జవాబు 1 అని వస్తే ఎవరైనా ఉలిక్కిపడి కోడ్ చూసుకుంటారు, అది మంచిదే. మొదటి అంకెతో ఒక కణం ఎక్కడ బయల్దేరాలో నిర్ణయించే సిమ్యులేషన్ అయితే పరిస్థితి వేరు. 1,023 కణాలూ పెట్టె ఎడమ అంచున పదహారో వంతులోనే పుడతాయి, కాసేపటికి అన్ని వైపులకూ పాకుతాయి, చివర్లో వచ్చిన సగటు నమ్మదగ్గట్టే కనిపిస్తుంది. తప్పు ఫలితంలో కలిసిపోయి ఉంటుంది, బయటికి మాత్రం తెలియదు.

సరే, మొదటి వంద అంకెలు పారేశామనుకుందాం. అప్పుడూ ఇంకొకటి మిగిలే ఉంటుంది. ఎక్సార్, షిఫ్ట్ అనే రెండు పనులకూ ఒక గుణం ఉంది, రెండు సీడ్లను ఎక్సార్ చేసి జనరేటర్‌లో పెట్టినా, రెండిటినీ విడివిడిగా పెట్టి వచ్చిన అవుట్‌పుట్లను ఎక్సార్ చేసినా ఫలితం ఒకటే. గణితంలో దీన్ని లీనియర్ గుణం అంటారు. సీడ్ 3 అంటే 1 ఎక్సార్ 2 కాబట్టి, సీడ్ 3తో నడిచే వరుస మొత్తం, ఎన్ని కోట్ల అంకెలు పోయినా, సీడ్ 1 వరుసనూ సీడ్ 2 వరుసనూ ఎక్సార్ చేస్తే వచ్చేదే. చేత్తో సరిచూసుకోవచ్చు. మొదటి అడుగులో సీడ్ 1 ఇచ్చేది 270369, సీడ్ 2 ఇచ్చేది 540738, రెండిటి ఎక్సార్ 811107, సీడ్ 3 ఇచ్చేది కూడా అదే.

దీని ప్రభావం చూడాలంటే u సగం దాటితే బొమ్మ, దాటకపోతే బొరుసు అనుకుంటే చాలు. సీడ్ 1, 2, 3 మూడింటితో మూడు నాణేలు ఎగరేస్తే, మూడిట్లో బొమ్మల సంఖ్య ప్రతి అడుగులోనూ 0 లేదా 2 అవుతుంది, ఒకటీ మూడూ ఎప్పటికీ రావు. ఏ రెండు నాణేలను పక్కపక్కన పెట్టి చూసినా వాటి మధ్య ఏ పొంతనా కనబడదు, కోరిలేషన్ గ్రాఫ్ గీస్తే శుభ్రంగా ఉంటుంది. మూడోదాన్ని కలిపి చూస్తేనే గుట్టు బయటపడుతుంది. జతలు జతలుగా పరీక్షించి వదిలేసేవాళ్లకు ఇది దొరకదు.

ఇక 1,023 నాణేలనూ కలిపి లెక్కపెడితే ఇంకా విడ్డూరం. ఒక్కో అడుగులో ఎన్ని బొమ్మలు పడ్డాయి? నిజమైన నాణేలైతే సగటు 511.5, దానికి అటూఇటూ 16 దాకా ఊగడం మామూలు. ఒకసారి 498, ఇంకోసారి 530 ఇలా వస్తుంది. ఇక్కడ మాత్రం ప్రతి అడుగులోనూ సరిగ్గా 512. రెండో అడుగులో 512, తర్వాత కూడా 512, ఎప్పుడో అరుదుగా ఒక అడుగులో 0 (మొదటి అడుగు అలాంటిదే). 512, 0 తప్ప మూడో జవాబు రానే రాదు. 1 నుంచి 1023 వరకు ఉన్న సీడ్లన్నీ 1, 2, 4, 8 అలా 512 దాకా ఉన్న పది సీడ్ల కలయికలే కాబట్టి, 1,023 ప్రయోగాలు అని రాసుకున్నా లోపల విడిగా నడుస్తున్నవి పదే.

సగటు చూసేవాళ్లకు ఇది వరంలా అనిపిస్తుంది. 512 / 1023 అంటే 0.5005, ఇంతకంటే చక్కని జవాబు ఏముంటుంది? కానీ సిమ్యులేషన్ చేసేది ఒట్టి సగటు కోసమే కాదు, ఆ సగటు ఎంత ఊగుతుందో తెలుసుకోవడానికి కూడా. ఒక రోజు ఎంతమంది ఒకేసారి క్యూలో చేరతారు, ఎన్ని భాగాలు ఒకేసారి చెడిపోతాయి అన్న ప్రశ్నలన్నీ ఆ ఊపు మీద ఆధారపడేవే. ఊపు 16 ఉండాల్సిన చోట 0 వస్తే, ఒకేసారి ఎన్నో చెడిపోయే అరుదైన రోజు సిమ్యులేషన్‌లో ఎన్నడూ రాదు.

## పది లక్షల అంకెల్లో ఒక్కటీ రిపీట్ కాకపోతే

ఇదే తీరు ఒకే ఒక్క వరుసలో కూడా కనబడుతుంది, సీడ్ల గొడవ లేకుండానే. ఎక్సార్‌షిఫ్ట్ తాను గుర్తుపెట్టుకున్న అంకెను, అంటే 32 బిట్ల స్టేట్‌నే అవుట్‌పుట్‌గా ఇచ్చేస్తుంది. దాని చక్రం 2^32 - 1, అంటే సుమారు 429 కోట్లు. సున్నా తప్ప మిగతా ప్రతి అంకెనూ ఒక్కసారి ఇచ్చాకే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి చక్రం పూర్తయ్యేలోపు ఏ అంకే రెండోసారి రాదు. చాలామందికి ఇది మంచి గుణంలా వినిపిస్తుంది.

నిజానికి 429 కోట్ల గడుల్లోకి 10 లక్షల గింజలు ఇష్టమొచ్చినట్టు విసిరితే, ఇదివరకే గింజ ఉన్న గడిలో ఇంకోటి పడటం ఎన్నిసార్లు జరగాలి? లెక్క సులువే, గింజల సంఖ్య n అనుకుంటే n²ని గడుల సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి:

```
(1000000)^2 / (2 * 4294967296) ≈ 116.4
```

అంటే 10 లక్షల అంకెల్లో సుమారు 116 రిపీట్లు రావాలి, ఒక 11 అటూఇటూగా. ఎక్సార్‌షిఫ్ట్ ఇచ్చేది 0. నిజమైన ర్యాండమ్ అంకెల్లో 0 రావడానికి ఉన్న అవకాశం దశాంశ బిందువు తర్వాత 50 సున్నాలు పెట్టాక మొదలయ్యే సంఖ్య. ఈ పరీక్ష చేయడానికి ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, పది లక్షల అంకెల్ని వరుసలో పేర్చి పక్కపక్కన ఒకేలా ఉన్నవి లెక్కపెడితే చాలు, ల్యాప్‌టాప్ మీద క్షణంలో అయిపోతుంది. ఒకే పుట్టినరోజు ఉన్నవాళ్లు గుంపులో ఎంతమంది అనే పాత లెక్కే ఇది, అందుకే దీని వంశంలోని పరీక్షలకు బర్త్‌డే పేరు ఉంది.

దీన్నుంచి తేలేది ఏంటంటే, చక్రం పొడవు 429 కోట్లు కదా, 400 కోట్ల అంకెలు వాడుకోవచ్చు అనే లెక్క చెల్లదు. స్టేట్ మొత్తాన్నీ బయటపెట్టే జనరేటర్‌లో చక్రం పొడవుకు వర్గమూలం దగ్గరకొచ్చేసరికే తేడా కనబడటం మొదలవుతుంది. 2^32కు వర్గమూలం 65,536. అక్కడికి అర రిపీట్ రావాలి, 10 లక్షలకు 116, అక్కడినుంచి n పెరిగేకొద్దీ వర్గంలా పెరుగుతుంది. ఇక ఒక అంకెకు ఒక నానోసెకను పడుతుందనుకుంటే మొత్తం చక్రం నాలుగున్నర సెకన్లలోపే అయిపోతుంది. ఆ తర్వాత సిమ్యులేషన్ పాత అంకెల్నే మళ్లీ తాగుతూ ఉంటుంది, అయినా ప్రోగ్రామ్ మాత్రం కొత్త శాంపిళ్లు వస్తున్నాయనుకుని ఎర్రర్ బార్‌ను ఇంకా ఇంకా చిన్నది చేసి చూపిస్తుంది.

స్టేట్ చిన్నదైతే ఇంకో ఇబ్బంది కూడా ఉంది, చాలామందికి తట్టదు. 13 వస్తువుల్ని కలపడానికి 622 కోట్లకు పైగా వరుసలున్నాయి, జనరేటర్ దగ్గర ఉన్న స్థితులు 429 కోట్లే. ఒక్కో స్థితి నుంచి ఒకే వరుస పుడుతుంది కాబట్టి, 13 వస్తువుల షఫుల్‌లో కొన్ని వరుసలు ఎంత ప్రయత్నించినా రావు. 64 బిట్లకు పెంచితే ఆ గీత 21 వస్తువుల దగ్గరకు జరుగుతుంది, అంతే.

## పీసీజీ వేరే దారి పట్టింది

మెలిస్సా ఓనీల్ 2014లో బయటపెట్టిన పీసీజీ, కొత్త యంత్రమేమీ కాదు. లోపల ఉన్నది చాలా పాత పద్ధతి, ఉన్న అంకెను ఒక స్థిర సంఖ్యతో గుణించి ఇంకొకటి కూడటం, దీన్నే లీనియర్ కాంగ్రుయెన్షియల్ జనరేటర్, పొట్టిగా ఎల్‌సీజీ అంటారు. దాని లోపం కూడా అంతే పాతది. 2^64 మాడ్యులోలో గుణించే సంఖ్య బేసి, కూడేది బేసి అయితే, అన్నిటికంటే కింది బిట్ 0, 1, 0, 1 అని గడియారంలా కొట్టుకుంటుంది. దానిపై బిట్ నాలుగు అడుగులకోసారి, ఆ పైది ఎనిమిదికోసారి తిరిగొస్తాయి. పైకి వెళ్లేకొద్దీ బిట్లు మెరుగవుతాయి, పై బిట్లు బాగానే ఉంటాయి.

పీసీజీ చేసింది ఏంటంటే, ఆ మంచి పై బిట్లతోనే మిగతావాటిని ఎలా కలపాలో నిర్ణయించడం:

```c
uint64_t state = 1, inc = 1;

uint32_t pcg32(void) {
    uint64_t old = state;
    state = old * 6364136223846793005ULL + inc;  // inc odd
    uint32_t v = ((old >> 18) ^ old) >> 27;
    uint32_t r = old >> 59;
    return (v >> r) | (v << ((-r) & 31));
}
```

చివరి మూడు లైన్లలోనే కిటుకంతా ఉంది. 64 బిట్ల స్టేట్‌లో పైన ఉన్న 5 బిట్లు 0 నుంచి 31 లోపు ఒక సంఖ్యను ఇస్తాయి (`r`). మిగతా బిట్లను కాస్త ఎక్సార్ చేసి, అడుగున ఉన్న నాసి బిట్లను వదిలేసి, 32 బిట్ల ముక్క ఒకటి తీస్తారు (`v`). ఆ ముక్కను `r` స్థానాలు గుండ్రంగా తిప్పి బయటికిస్తారు. ఎంత తిప్పాలో అంకె తనకు తానే చెప్పుకుంటుంది కాబట్టి, ఎక్సార్‌షిఫ్ట్‌లో ఉన్న లీనియర్ గుణం ఇక్కడ నిలబడదు. సీడ్ 3 వరుస సీడ్ 1, 2 వరుసల ఎక్సార్ అయ్యే పరిస్థితి పోయింది.

రిపీట్ల లెక్క కూడా సర్దుకుంటుంది, అయితే అది తిప్పడం వల్ల కాదు. స్టేట్ 64 బిట్లు, బయటికొచ్చేది 32 బిట్లు. ఒకే అవుట్‌పుట్ అంకెను ఇచ్చే స్థితులు 429 కోట్లు ఉంటాయి కాబట్టి, 10 లక్షల అంకెల్లో 116 చుట్టుపక్కల రిపీట్లు సహజంగానే వస్తాయి. నిజం చెప్పాలంటే ఈ మేలు పీసీజీకి ప్రత్యేకం కాదు. 64 బిట్ల ఎక్సార్‌షిఫ్ట్ తీసుకుని పై 32 బిట్లే వాడినా రిపీట్ల బాధ తీరుతుంది. స్టేట్ కంటే అవుట్‌పుట్ చిన్నదిగా ఉండటమే ఇక్కడ కీలకం.

అలాగని పీసీజీకి మచ్చ లేదనుకోకూడదు. `inc` విలువ మారిస్తే వేరే వరుస వస్తుందని, కాబట్టి ఒక్కో సమాంతర పనికి ఒక్కో `inc` ఇస్తే సరిపోతుందని చెప్పుకొస్తారు. అయితే గుణించే సంఖ్య ఒకటే అయిన ఎల్‌సీజీల్లో కూడే సంఖ్య మార్చడం అంటే, పాత చక్రానికే కొత్త లెక్కలో నంబర్లు వేసినట్టు. స్టేట్లు సరిగ్గా కుదిరితే రెండు వరుసల మధ్య గట్టి పొంతన కనిపించేలా చేయవచ్చు. నాలుగైదు వరుసలకు సీడ్లు బాగా చెదిరి ఉంటే ఆ కుదురు తగలడం అరుదు, వేలు లక్షల వరుసలు తీసేవాళ్లకు మాత్రం ఆలోచించాల్సిన విషయమే. పైథాన్ భాషలో వాడే నంపై లైబ్రరీ 2019లో వచ్చిన 1.17 వెర్షన్ నుంచి `default_rng`లో 128 బిట్ల స్టేట్ ఉన్న పీసీజీని వాడుతోంది, తర్వాత భారీ సమాంతర పనుల కోసం అవుట్‌పుట్‌ను ఇంకా గట్టిగా కలిపే `PCG64DXSM` అనే రకాన్ని కూడా చేర్చింది. సీడ్ల విషయంలో కూడా 1, 2, 3 అని చేత్తో ఇవ్వకుండా ఒక సీడ్ నుంచే పిల్ల సీడ్లను బాగా కలగలిపి పుట్టించే ఏర్పాటు అందులో ఉంది:

```python
import numpy as np
kids = np.random.SeedSequence(12345).spawn(8)
rngs = [np.random.default_rng(k) for k in kids]
```

ఎక్సార్‌షిఫ్ట్ వైపు కూడా పని ఆగలేదు. డేవిడ్ బ్లాక్‌మన్, సెబాస్టియానో వీన్యా కలిసి 2018 నాటి పత్రంలో వివరించిన జోషిరో, జోరోషిరో రకాలు అదే లీనియర్ యంత్రాన్ని పెద్ద స్టేట్‌తో ఉంచి, చివర్లో గుణకారమో కూడికో తగిలించి ఆ గుణాన్ని చాలావరకు చెరిపేస్తాయి. రెండు శిబిరాల మధ్య వాదన ఘాటుగానే నడిచింది. మామూలు సిమ్యులేషన్ రాసేవాళ్లకు మాత్రం ఆ గొడవ కంటే సీడ్లు ఎలా ఇస్తున్నామన్నదే ఎక్కువ ముఖ్యం.

## పరీక్ష పాసైతే సరిపోతుందా

జనరేటర్లను పరీక్షించడానికి పేరున్న సాధనాలున్నాయి. పియర్ లెక్యుయే, రిచర్డ్ సిమార్ 2007లో ప్రచురించిన టెస్ట్‌యూ01లో బిగ్‌క్రష్ అనే కట్టలో 106 పరీక్షలుంటాయి, అదొక్కటే గంటల తరబడి నడుస్తుంది. ప్రతి పరీక్షా 0కూ 1కీ మధ్య ఉండే పి-విలువ ఒకటైనా ఇస్తుంది. అది 0కు మరీ దగ్గరగా ఉంటే అంకెలు గాడి తప్పాయని అర్థం, 1కి మరీ దగ్గరగా ఉన్నా ఫెయిలే. రెండో సంగతి కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది కానీ ప్రతి అడుగులో సరిగ్గా 512 బొమ్మలు పడిన కథ చూశాక అందులో వింతేమీ ఉండదు.

ఈ కట్టలు చెప్పేది ఒక్కటే, ఈ 106 ప్రశ్నలకు ఈ జనరేటర్ దగ్గర తప్పు జవాబు దొరకలేదు అని. సిమ్యులేషన్ అడిగేది 107వ ప్రశ్న. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 1992లో అలన్ ఫెరెన్‌బర్గ్, డేవిడ్ లాండౌ, జోవన్నా వాంగ్ ప్రచురించిన పని. అయస్కాంత పదార్థానికి నమూనా అయిన ఐసింగ్ మోడల్‌ను, రెండు కొలతల్లో, 16×16 గడుల మీద, వుల్ఫ్ పద్ధతిలో నడిపారు. ఆ మోడల్‌ను ఎంచుకోవడానికి కారణం, దాని సరైన జవాబు గణితంగా ముందే తెలుసు. అప్పట్లో మంచిదని పేరున్న ఆర్250 జనరేటర్‌తో వచ్చిన శక్తి విలువ సరైన జవాబుకు ఎర్రర్ బార్లను దాటుకుని చాలా దూరంలో పడింది, నాసిరకమని పక్కన పెట్టిన సాదా ఎల్‌సీజీ అంతకంటే మెరుగైన జవాబు ఇచ్చింది.

ఆర్250 కూడా ఎక్సార్ కుటుంబమే. ప్రతి కొత్త అంకె 103 స్థానాల వెనకున్న అంకెనూ 250 స్థానాల వెనకున్న అంకెనూ ఎక్సార్ చేస్తే వస్తుంది:

```
x[n] = x[n-103] ^ x[n-250]
```

మూడు నాణేల కథే మళ్లీ ఇక్కడ. ఈ మూడింటి పై బిట్లలో వెలిగినవి ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయి, ఏ రెండిటి మధ్యా పొంతన కనబడదు. వుల్ఫ్ పద్ధతిలో ఒక గడి నుంచి పక్క గడులకు గుంపు పాకుతూ, ప్రతి చేరికకూ ఒక ర్యాండమ్ అంకె వాడుకుంటుంది. 16×16 అంటే 256 గడులు, కాబట్టి ఒక గుంపు పెరిగి ఆగేలోపు వాడే అంకెల సంఖ్య ఆ 103, 250 దూరాలు పడే పరిధిలోనే ఉంటుంది. ఒక గుంపు ఎక్కడ ఆగాలన్న నిర్ణయం, కాసేపటి ముందు తీసుకున్న నిర్ణయాలకు ముడిపడిపోయింది. ఇదే మోడల్‌ను ఒక్కో గడినీ విడిగా తిప్పే పాత పద్ధతిలో నడిపితే అంకెలు వేరే క్రమంలో ఖర్చవుతాయి, ఆ ముడి అంతగా బిగుసుకోదు. జనరేటర్ అదే, మోడల్ అదే, అంకెలు వాడుకునే తీరు మారితే తప్పు పెద్దదవుతుంది, లేదా మాయమవుతుంది.

ఎక్కువ శాంపిళ్లు తీసుకుంటే ఇలాంటి తప్పు తగ్గదు. మామూలు ర్యాండమ్ ఊపు అయితే శాంపిళ్ల సంఖ్య వర్గమూలంతో తగ్గుతుంది, 10 వేల శాంపిళ్లకు ఒక శాతం అనుకుంటే 100 కోట్లకు శాతంలో మూడు వందల వంతు. జనరేటర్ తెచ్చిన పక్షపాతం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. శాంపిళ్లు తక్కువున్నప్పుడు ఆ ఊపు దాన్ని కప్పేస్తుంది, అందుకే చిన్న పనులకు నాసి జనరేటర్ కూడా చాలాసార్లు నెట్టుకొస్తుంది. కంప్యూటర్లు వేగం పెరిగి శాంపిళ్లు కోట్లకు చేరేకొద్దీ అది బయటపడుతుంది, ఎర్రర్ బార్ సన్నబడి తప్పు విలువ చుట్టూనే బిగుసుకుంటుంది.

## సొంత సిమ్యులేషన్‌లో పట్టుకోవడం

మొదటి దారి 1992 పనిలో ఉన్నదే. సిమ్యులేషన్‌ను జవాబు తెలిసిన తేలిక సందర్భానికి కుదించి, అదే కోడ్‌తో, అదే తీరులో అంకెలు ఖర్చయ్యేలా నడిపి చూడటం. పాడయ్యే యంత్రం ఉదాహరణలో 10 రావాల్సిన చోట 1 వచ్చినట్టు, చాలా తప్పులు అక్కడే దొరికిపోతాయి. సగటుతో పాటు ప్రయోగాల మధ్య ఊపు కూడా రావాల్సినంత వచ్చిందో లేదో చూడాలి, అక్కడ తక్కువ ఊపు కూడా అనుమానించాల్సిందే.

జవాబు తెలిసిన సందర్భమే లేనప్పుడు, నిర్మాణంలో తేడా ఉన్న రెండు జనరేటర్లతో నడిపి పోల్చాలి. ఒకదానితో 0.4512, ఇంకోదానితో 0.4531 వచ్చాయనుకుందాం, రెండిటికీ ఎర్రర్ 0.0003. తేడా 0.0019, రెండు ఎర్రర్లను కలిపితే (వర్గాల మొత్తానికి వర్గమూలం) 0.00042, అంటే తేడా నాలుగున్నర రెట్లు. యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడం లక్షలో ఒకసారి కంటే తక్కువ, కాబట్టి రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతోంది, లేదా కోడ్‌లో బగ్ ఉంది. రెండూ కలిస్తే అంతటితో నిశ్చింత అనుకోవడానికి లేదు, జత ఏ కుటుంబాల నుంచి వచ్చిందో చూడాలి. ఎక్సార్‌షిఫ్ట్‌ను మెర్సెన్ ట్విస్టర్‌తో పోల్చి సంతోషించేవాళ్లు చాలామంది, ఆ రెండూ ఎక్సార్ల మీద నడిచే లీనియర్ యంత్రాలే. ఎక్సార్‌షిఫ్ట్‌కు సరైన జోడీ గుణకారం మీద నడిచే పీసీజీ.